ఎపిసోడ్ పోస్టు పెడితే లింకు ఎవ్వలూ నొక్కుతలేరు, డ్రాఫ్టు చూసి చెప్పుర్రి

మునుగోడు_మైకు
మా పాడ్‌కాస్ట్ కొత్త ఎపిసోడ్ ఎల్లుండి వదులుతున్నం. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ గురించి. అతిథి నల్లగొండల నీటి పరీక్షల ల్యాబుల పనిచేసి రిటైరైన కెమిస్ట్ సారు. మాట మస్తుగ వచ్చింది, 47 నిమిషాలు. కానీ ఎప్పుడు పోస్టు పెట్టినా లైకులు వస్తయి, చేతులు జోడించిన బొమ్మలు వస్తయి, లింకు మాత్రం నొక్కరు. ఎక్కువ పోయేది ఊరి వాట్సాప్ గ్రూపులల్లనే, తర్వాత ఫేస్‌బుక్. డ్రాఫ్టు ఇదీ:

"అందరికీ నమస్కారం! మీరంతా ఎదురుచూస్తున్న కొత్త ఎపిసోడ్ వచ్చేసింది! ఈ వారం మనతో ప్రముఖ నీటి నిపుణులు, ఎమ్మెస్సీ, విశ్రాంత అధికారి (పేరు) గారు ఎన్నో ఆసక్తికరమైన విషయాలు పంచుకున్నారు. ముఖ్యాంశాలు: ఫ్లోరైడ్ సమస్య చరిత్ర. నీటి పరీక్ష ప్రాముఖ్యత. నల్లగొండ టెక్నిక్: పటికతో ఫ్లోరైడ్ తొలగింపు. ప్రజల్లో అవగాహన ఆవశ్యకత. తప్పక వినండి, షేర్ చేయండి! స్పాటిఫై, యాపిల్, గూగుల్ పాడ్‌కాస్ట్స్, యూట్యూబ్, మా బిట్లీ లింకు."

కింద ఐదు లింకులు ఉంటయి. ఏడ తేడా కొడుతుందో చెప్పుర్రి.

జడ్చర్ల_జంక్షన్
గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లనే మూసేసిన్రు అన్నా. ఆ లింకు నొక్కినోడు మళ్ల నీ లింకు నొక్కడు. పాత పోస్టు కాపీ చేసి పేరు మారుస్తున్నవని అక్కడనే దొరికిపోయినవ్.

పానగల్లు_చెరువు
"మీరంతా ఎదురుచూస్తున్న" అంట. ఎవలు చూస్తున్నరు?

ఎడిటర్_అక్క
లింకుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ముఖ్యాంశాలు. తమ్ముడూ, నువ్వు రాసిన నాలుగింట్లో మూడు ముఖ్యాంశాలే కావు, అవి విషయసూచిక. "నీటి పరీక్ష ప్రాముఖ్యత" అని చదివినవాడికి కొత్తగా ఏం తెలిసింది? పరీక్ష ముఖ్యమని వాడికి ముందే తెలుసు. ఎట్లా చేయించాలి, నీళ్లు దేంట్లో పట్టుకుపోవాలి, రిపోర్టులో ఏ అంకె చూడాలి, అవి తెలియవు. సారు అవన్నీ చెప్పే ఉంటారు, నువ్వే పైన మూత పెట్టినవ్.

నేను చేసే పద్ధతి చెప్తా. ఎడిటింగ్ అయిపోయాక ఒకసారి ఊరికే విను. అతిథి చెప్పినప్పుడు నీకు "అట్లనా?" అనిపించిన ప్రతిచోట నిమిషం, సెకను రాసుకో. గంటలోపు ఎపిసోడ్‌లో అట్లాంటివి ఏడెనిమిది దొరుకుతాయి. వాటిని అతిథి మాటల్లోనే పూర్తి వాక్యంగా రాయి, క్రియతో ముగియాలి. "ప్రాముఖ్యత", "ఆవశ్యకత", "తొలగింపు" లాంటి మాటతో ముగిస్తే దాంట్లో చెప్పిందేమీ లేదని అర్థం. తర్వాత మూడు ఉంచి మిగతావి కొట్టెయ్యి. సారు నిజంగా ఏమన్నారో టైముతో సహా ఇక్కడ పెట్టు, చూద్దాం.

బత్తాయి_తోట
మా బోరు నీళ్లకు మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ 300 వస్తుంది. అంటే ఫ్లోరైడ్ లేనట్టే కదా? పక్కింటోళ్లది 900 ఉంది. ఎపిసోడ్ లింకు ఏడ ఉంది, కనబడ్తలేదు.

పానగల్లు_చెరువు
ఎపిసోడ్ ఇంకా రాలేదే, పోస్టు ఎట్ల రాయాల్నో మాట్లాడుకుంటున్నరు ఇక్కడ 😄

ల్యాబు_నీళ్లు
బత్తాయి_తోట గారూ, లేనట్టు కాదు. ఆ మీటరు నీళ్లల్లో కరెంటు ఎంత పారుతుందో చూసి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. అందులో ఏది ఎంతుందో దానికి తెలియదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంటే తాగడానికి పనికిరాని నీళ్లు, కానీ 300లో ఆ 2 ఎక్కడ కనబడుతుంది? మీ 300లో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు, పక్కింటి 900లో తక్కువ ఉండొచ్చు. ఫ్లోరైడ్ పరీక్ష విడిగా చేయించాల్సిందే.

ఇక మైకు గారి డ్రాఫ్టులో నాకు భయం వేసిన లైను "పటికతో ఫ్లోరైడ్ తొలగింపు". దయచేసి అది తీసేయండి. నల్లగొండ టెక్నిక్ 1970ల్లో నాగపూర్ నీరి సంస్థవాళ్లు చేసిన పద్ధతి. అందులో పటిక ఒక్కటే కాదు, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కూడా పడతాయి. ఎంతెంత అన్నది ఆ నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్నదాన్ని బట్టి మారుతుంది. బాగా కలిపి, తేరనిచ్చి, మడ్డి కింద వదిలేసి పైనీళ్లు తీసుకోవాలి. ఇదంతా ఎపిసోడ్ విన్నవాళ్లకు తెలుస్తుంది. పోస్టు మాత్రమే చదివినవాళ్లు కిరాణం కొట్టులో పటిక గడ్డ కొని బిందెలో తిప్పుతారు. ఫ్లోరైడ్ ఎంత పోతుందో ఎవరికీ తెలియదు, పైగా నీళ్లు ఆమ్లం వైపు పోయి అల్యూమినియం మిగిలిపోతుంది.

ఎడిటర్_అక్క
ల్యాబు_నీళ్లు గారు చెప్పిందే అసలు సంగతి. పోస్టు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పోతుంటే ఎపిసోడ్ దాని వెంట పోదు. చదివేవాళ్లలో ఎక్కువమంది ఎన్నడూ వినరు. వాళ్లకు ఆ మూడు లైన్లే ఎపిసోడ్. అందుకే ప్రతి లైను ముందూ వెనకా ఏమీ లేకుండా ఒంటరిగా పోయినా నిజంగానే ఉండాలి. ఒక ముఖ్యాంశం రాసినంక ఎపిసోడ్ వినని ఒకరికి అదొక్కటే పంపి "దీన్ని బట్టి నువ్వేం చేస్తవు?" అని అడుగు. "పటిక కొంటా" అన్నారంటే ఆ లైను పనికిరాదు.

ఇంకోటి. బత్తాయి_తోట అడిగిన ప్రశ్న చూసినవా? నీ పోస్టులో మొదటి లైను అదే.

మునుగోడు_మైకు
అవునక్కా, సారు టీడీఎస్ మీటర్ గురించే ఐదు నిమిషాలు మాట్లాడిన్రు, నేను దాన్ని డ్రాఫ్టుల పెట్టనే లేదు. టైములతోని రాసిన, చూడుర్రి:

8:10 మరిగించినా ఫ్లోరైడ్ పోదు.
12:34 టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్ చెప్పదు.
19:45 పరీక్షకు నీళ్లు ప్లాస్టిక్ సీసాల తీస్కపోవాలె, గాజు సీసాల వద్దు. బోరు కొన్ని నిమిషాలు నడిచినంక పట్టాలె.
26:20 రిపోర్టుల 1, 1.5 అంకెల అర్థం.
33:00 నల్లగొండ టెక్నిక్, కొలతలతోని.
41:15 పండ్ల మీద మచ్చలు చిన్నప్పుడే ఎందుకు వస్తయి.

పాలమూరు_పిలగాడు
ఇగో నేను రాసిస్త సూడు, గట్టిగ కొట్టాలె:
"🚨 నీళ్లు మరిగిస్తున్నారా? ఆగండి! మరిగిస్తే ఫ్లోరైడ్ పెరుగుతుంది! 🚨"
గిది పెడితే ఊరంత నొక్కుతది. ఇంక లింకు పోస్టుల పెట్టకు, మొదటి కామెంటుల పెట్టు. పోస్టుల పెడితే ఫేస్‌బుక్ తొక్కేస్తది. హ్యాష్‌ట్యాగులు ఓ ఇరవై గుద్దు.

ల్యాబు_నీళ్లు
పిలగాడూ, లెక్క ప్రకారం నువ్వన్నది సగం నిజం. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు రెండు లీటర్లు పొయ్యి మీద పెడితే మొత్తం ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములు. ఆవిరైపోయి లీటరున్నర మిగిలితే ఆ 4 అట్లనే ఉంటుంది, లీటరుకు చూస్తే 2.7 దగ్గరికి వస్తుంది. కొత్తగా పుట్టింది ఏమీ లేదు, నీళ్లు తగ్గినయి అంతే. అయిదు నిమిషాలు మరిగించి దించితే తేడా చాలా తక్కువ.

కానీ నువ్వు రాసినట్టు పోతే ఏమవుతుంది? వానాకాలంలో పిల్లలకు మరిగించి తాగిస్తున్న తల్లి మరిగించడం ఆపేస్తుంది. ఫ్లోరైడ్ అంతే ఉంటుంది, విరేచనాలు మొదలవుతాయి. మరిగించేది క్రిముల కోసం. ఈ రెంటినీ ఒకే లైనులో చెప్పకపోతే ఆ లైను వద్దే వద్దు.

పాలమూరు_పిలగాడు
సరే ఆ లైను వాపస్. కామెంటు సంగతేంది మరి?

జడ్చర్ల_జంక్షన్
ఫేస్‌బుక్‌ల కామెంటుల పెడితే కొందరికి లాభమే ఉంటది కావొచ్చు, కాదనను. కానీ మైకు అన్న జనం ఎక్కువ ఉండేది వాట్సాప్‌ల. ఆడ కామెంటు ఎక్కడిది? రెండో మెసేజ్‌గ లింకు పంపితే ఫార్వర్డ్ చేసేటోడు మొదటిదొక్కటే పంపుతడు, లింకు ఈడనే ఉండిపోతది. వాట్సాప్‌ల అంతా ఒకటే మెసేజ్‌ల ఉండాలె.

లింకుల కాడ నాకు కనబడ్డ తప్పులు చెప్త. మెసేజ్‌ల ఎన్ని లింకులున్నా వాట్సాప్ బొమ్మ చూపించేది మొదటి లింకుకే. అందుకని నీ జనం ఎక్కువ వినేదే మొదట పెట్టాలె. మన దిక్కు యూట్యూబే కదా. లింకు అతికించినంక బొమ్మ, టైటిల్ పైన వచ్చేదాక ఆగి అప్పుడు పంపు. అది నీ ఫోన్లనే తయారైతది, తొందరపడి పంపితే ఉత్త నీలి అక్షరాలే పోతయి. ఆ బొమ్మ కింద వీడియో టైటిల్ ఎట్లాగూ వస్తది, అదే వాక్యం మళ్ల పోస్టు మొదట్ల రాయకు.

రెండోది, షో లింకు వేరు, ఎపిసోడ్ లింకు వేరు. పంపేముందు చూసుకో:

```
open.spotify.com/show/...       మొత్తం షో
open.spotify.com/episode/...    ఈ ఎపిసోడ్
podcasts.apple.com/...?i=...    ఈ ఎపిసోడ్
```

యాపిల్ లింకుల `i=` లేదంటే అది షో పేజీకే పోతది. ఇయ్యాల కొత్త ఎపిసోడ్ పైననే కనబడ్తది కాబట్టి ఎవ్వలికీ తేడా తెల్వది. ఇంకో రెండు ఎపిసోడ్లు వచ్చినంక ఎవరన్న పాత ఫార్వర్డ్ నొక్కితే వేరేదే పైన ఉంటది.

మూడోది బిట్లీ. తీసెయ్. పథకాల పేరు మీద ఏపీకే ఫైళ్లు, పొట్టి లింకులు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నరని పోలీసోళ్లే చెప్తున్నరు, తెల్వని లింకు నొక్కొద్దని. youtu.be అని కనబడితే గుర్తుపడ్తరు. ఆ పొట్టి లింకు వెనకాల ఏముందో ఎవలికి ఎరుక?

మునుగోడు_మైకు
బిట్లీ పెట్టింది ఎందరు నొక్కిన్రో లెక్క తెలుస్తదని.

జడ్చర్ల_జంక్షన్
నొక్కనే నొక్కకపోతే లెక్క దేనికి? యూట్యూబ్ స్టూడియోల జనం ఏడికెళ్లి వచ్చిన్రో ఎట్లాగూ చూపిస్తది. వాట్సాప్ నుంచి వచ్చేటోళ్లందరు సక్కగ పడకపోవచ్చు, కానీ అంచనాకు సరిపోతది.

ఎడిటర్_అక్క
ఇప్పటిదాకా అన్నవాటిని పట్టుకుని రాసిన. చుక్క గుర్తులు వాట్సాప్‌లో బొద్దుగా రావడానికి.

```
*టీడీఎస్ మీటర్ 300 చూపిస్తే ఫ్లోరైడ్ లేనట్టు కాదు.*
ఆ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగా కొలవదు.

నల్లగొండ నీటి ల్యాబులో బోరు నీళ్లు పరీక్షించి
రిటైరైన కెమిస్ట్ (పేరు) గారు చెప్పినవి:

- మరిగిస్తే క్రిములు చస్తాయి, మరిగించడం మానొద్దు.
  కానీ ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. (8:10)
- పరీక్షకు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టాలి,
  గాజు సీసాలో వద్దు. (19:45)
- రిపోర్టులో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపు మంచిది,
  1.5 దాటితే తాగొద్దు. (26:20)

47 నిమిషాలు, తెలుగులో.
మీటర్ సంగతి నేరుగా ఇక్కడినుంచి:
https://youtu.be/(ఐడీ)?t=754
స్పాటిఫై: https://open.spotify.com/episode/(ఐడీ)
```

నల్లగొండ టెక్నిక్ పోస్టులో లేదు. కొలతలతో సారు చెప్పింది ఎపిసోడ్‌లో ఎట్లాగూ ఉంది, కుదించి చెప్పే వస్తువు కాదది. చుక్కకూ అక్షరానికీ నడుమ ఖాళీ ఉండొద్దు తమ్ముడూ. ఉంటే బొద్దుగా రాదు, చుక్కే కనబడుతుంది.

బత్తాయి_తోట
ఇది నా గురించి రాసినట్టే ఉంది 😂 ప్లాస్టిక్ సీసా ఎందుకు? మంచినీళ్ల సీసా పనికొస్తుందా?

ల్యాబు_నీళ్లు
ఫ్లోరైడ్‌కు గాజుతో రసాయనిక చర్య ఉంటుంది, లెక్క తప్పే వీలుంది, అందుకే ప్లాస్టిక్. అడిగితే ల్యాబువాళ్లే సీసా ఇస్తారు. ఇంటి సీసా అయితే కూల్‌డ్రింకుది వద్దు. మంచినీళ్ల సీసాను సబ్బు పెట్టకుండా అదే బోరు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. మిగతాది ఎపిసోడ్‌లో వినండి, లేకపోతే మైకు గారు నన్ను తిడతారు.

అక్క రాసినదాంట్లో మూడో లైను గురించి ఒక మాట. బీఐఎస్ ప్రమాణంలో రెండు అంకెలున్నాయి. 1 వరకు సమ్మతం. వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 1.5 వరకు. ఆ నడుమ ఉన్న నీళ్లకు "వేరే దారి ఉంటే వాడొద్దు" అన్నది పోస్టులో రాలేదు. మీరు రాసింది తప్పు కాదు, నడుమ ఒక ఖాళీ ఉంది అంతే. సారు ఏ మాట వాడారో అదే పెట్టండి.

మునుగోడు_మైకు
సారు అన్నది: "1 దాటితే వేరే నీళ్లు చూసుకోండి, 1.5 దాటితే ఇక తాగనే తాగొద్దు." అదే పెడ్త.

ఎడిటర్_అక్క
చూసినవా, నాకంటే సారు మాటే పొట్టిగా ఉంది, సరిగ్గానూ ఉంది. అతిథి నోట వచ్చిన వాక్యం ఉంటే మన సారాంశం ఎందుకు?

పానగల్లు_చెరువు
నాకొక డౌటు. సమాధానం మొత్తం పోస్టులనే చెప్పేస్తే ఇగ ఎపిసోడ్ ఎవడు వింటడు? "టీడీఎస్ మీటర్ మిమ్మల్ని మోసం చేస్తోందా?" అని అడిగి వదిలేయాలె. లోపల చెప్పాలె.

ఎడిటర్_అక్క
అట్లా అడిగే పోస్టులకు జనం విసిగిపోయిన్రు. మూడు నిజమైన మాటలు చెప్పినవాళ్ల దగ్గర ఇంకా ఉంటాయని నమ్ముతారు.

పానగల్లు_చెరువు
నమ్ముతరు కానీ నొక్కరు అక్కా. ప్రసాదం చేతిల పెట్టినంక గుడి లోపలికి ఎవరు పోతరు?

జడ్చర్ల_జంక్షన్
ఇద్దరి మాటల నిజం ఉంది. నన్నడిగితే ఏం చెయ్యొద్దో పోస్టుల పూర్తిగ చెప్పాలె, ఎట్ల చెయ్యాల్నో ఎపిసోడ్‌ల ఉంచాలె. "మీటర్ చెప్పదు" అన్నది పోస్టుల ఉంది. "మరి ఏ పరీక్ష, ఏడ, ఎట్ల" అన్నది 12:34 తర్వాత. అందుకే ఆ ఒక్క లింకు నేరుగ ఆడికే పోవాలె. 47 నిమిషాలంటే భయపడ్తరు, ఐదు నిమిషాలంటే వింటరు.

పానగల్లు_చెరువు
అయినా నాకు నమ్మకం లేదు. ఒక గ్రూపుల అక్కది, ఇంకో గ్రూపుల ప్రశ్న పెట్టి చూడు మైకు, తేలిపోతది.

మునుగోడు_మైకు
చూస్త. `?t=754` ఏడికెళ్లి వచ్చింది?

జడ్చర్ల_జంక్షన్
12 నిమిషాల 34 సెకన్లు. 12ను 60తో గుణిస్తే 720, దానికి 34 కలుపు. షేర్ చేసినప్పుడు లింకుల `?si=` అని పెద్ద తోక వస్తది, అది తీసేసినా లింకు పనిచేస్తది. తోక ఉంచి దాని వెనక ఇంకో `?` పెట్టినవంటే టైము పట్టదు, వీడియో మొదటినుంచే మొదలైతది. తోక ఉంచాలంటే `&t=754` అని రాయాలె. పంపేముందు ఒకసారి నొక్కి చూసుకో.

ఇంకో చిక్కు. యూట్యూబ్ వీడియోల ముందుగాల బొమ్మలతోని పరిచయం పెడ్తవు కదా, ఆడియోల అది ఉండదు. 12:34 అన్నది యూట్యూబ్‌ల కరెక్టు, స్పాటిఫైల ముందే వచ్చేస్తది. పోస్టుల టైములు ఏ దానివో ఒక్క మాట రాయి. లేదా రెంటికీ ఒకటే ఫైలు ఎక్కించు. ఆడియోల హోస్టింగు వాళ్లు తమంతట తాము యాడ్లు అతికించేటట్టుంటే ఇగ టైములు ఎన్నడూ కలవవు, అట్లయితే యూట్యూబ్‌వే ఇయ్యి.

పాలమూరు_పిలగాడు
యూట్యూబ్ డిస్క్రిప్షన్‌ల గూడ గవే టైములు పెడితే చాప్టర్లు వస్తయి.

జడ్చర్ల_జంక్షన్
వస్తయి తమ్మీ, కానీ మైకు అన్న లిస్టు 8:10తోని మొదలైంది. మొదటిది `0:00` ఉండాలె, వరుసగ కనీసం మూడు ఉండాలె. `0:00 పరిచయం` అని పైన ఒకటి కలపకుంటే చాప్టర్లు రావు.

కొల్లాపూర్_మామిడి
పోస్టరు సంగతి ఎవ్వరూ అంటలేరు. సారు ఫొటో, పక్కన టైటిల్, కింద క్యూఆర్ కోడ్. మేం అట్లనే చేస్తం.

పానగల్లు_చెరువు
ఫోన్ల వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఏ ఫోన్‌తోని స్కాన్ చెయ్యాలె మామిడన్నా? పక్కింటోని ఫోన్ అడుక్కోవాల్నా?

కొల్లాపూర్_మామిడి
సరే క్యూఆర్ గ్రామపంచాయతీ గోడకు. ఫొటో అయితే ఉండాలె. మనిషి మొఖం చూస్తెనే ఆగుతరు.

జడ్చర్ల_జంక్షన్
ఫొటో పెట్టి కింద రాతలో లింకు పెడితే అది పనిచేస్తది, కానీ యూట్యూబ్ బొమ్మ రాదు. రెంట్ల ఒకటే దొరుకుతది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీదనే సారు ఫొటో మంచిగ ఉంటే విడిగ పోస్టరెందుకు?

ల్యాబు_నీళ్లు
అతిథి పరిచయం గురించి చెప్పాలి. "ప్రముఖ నిపుణులు, విశ్రాంత అధికారి" తీసేసి "ల్యాబులో బోరు నీళ్లు పరీక్షించి రిటైరైన కెమిస్ట్" అని అక్క రాసింది బాగుంది. ఏ పని చేశారో తెలిస్తే మాట ఎందుకు వినాలో తెలుస్తుంది. కానీ "విశ్రాంత" అయినా "రిటైరైన" అయినా, అది ఆఫీసు మాట కాదు, ఆయన సొంత మాట అని చదివేవాళ్లకు తెలియాలి. ఆఫీసు పేరు ముందు పెట్టి "ఆ శాఖ చెప్పింది" అనిపించేలా రాస్తే రేపు ఆయనకే ఫోన్లు వస్తాయి. పోస్టు పెట్టకముందే మొత్తం రాత సారుకు పంపి, తన పేరు కింద ఆ మూడు వాక్యాలు పోవడం సమ్మతమేనా అని అడగండి.

కొల్లాపూర్_మామిడి
డిగ్రీలు తీసేస్తే సారు చిన్నబుచ్చుకోరా? పెద్దమనిషి.

ఎడిటర్_అక్క
డిగ్రీలు, పదవులు, అన్నీ యూట్యూబ్ డిస్క్రిప్షన్‌లో పూర్తిగా రాయి. వాట్సాప్‌లో ఒక్క లైనే.

కొల్లాపూర్_మామిడి
నేనైతే ఒక్క ఎమ్మెస్సీ అన్న ఉంచుత. మన దిక్కు చదువు చూసి గౌరవిస్తరు.

దేవరకొండ_దారి
మా అమ్మ చదవదు. గ్రూపులల్ల వాయిస్ మాత్రం అన్నీ వింటది. గ్రూపు నిండా రాతలే వస్తే ఆమెకేం ఉపయోగం?

ఎడిటర్_అక్క
ఇది అందరం మరిచిపోయిన మాట. మైకూ, 12:34 దగ్గర సారు గొంతు ఒక నిమిషం లోపు కత్తిరించి పంపు. సారు వాక్యం మొదటినుంచి పూర్తయ్యేదాకా ఉండాలి, నీ ప్రశ్న వద్దు. చివర నీ గొంతుతో "పూర్తిగా వినాలంటే కింద లింకు" అని ఒక్కటే చెప్పు. ఉత్త ఆడియోగా పంపితే దాని కింద రాత పెట్టలేవు, లింకు విడిపోతుంది. ఫొటో మీద గొంతు పెట్టి వీడియోగా చేస్తే కింద రాత, లింకు కలిసే పోతాయి. దాన్నే స్టేటస్‌లో కూడా పెట్టుకోవచ్చు.

ఇక్కడ కూడా ల్యాబు_నీళ్లు గారి మాటే. ముక్క కత్తిరించేటప్పుడు "కానీ" ముందు ఆపొద్దు. సారు "మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, కానీ మరిగించడం మానొద్దు" అంటే మొదటి సగం దగ్గర కత్తి పడితే పిలగాడి పోస్టు మళ్లీ పుట్టినట్టే.

పాలమూరు_పిలగాడు
అరె నన్ను వదిలెయ్యుర్రి ఇగ 🙏

మునుగోడు_మైకు
సారుకు ఇప్పుడే పంపిన. ఒక మార్పు చెప్పిన్రు: "ప్లాస్టిక్ సీసా" కాడ "శుభ్రమైన" అని కలపమన్నరు, బోరు కొన్ని నిమిషాలు నడిపినంక పట్టాలె అన్నది గూడ పెట్టమన్నరు. లైను పొడుగైతది కానీ అది లేకుంటే పైపుల నిలిచిన నీళ్లు పట్టుకొస్తరంట. యాపిల్ లింకు సంగతి చెప్పుర్రి, తీసెయ్యాల్నా?

జడ్చర్ల_జంక్షన్
ఊరి గ్రూపుల తీసెయ్, ఫేస్‌బుక్‌ల పెట్టు. హైదరాబాద్‌ల, బయటి దేశాలల్ల ఉన్న మనోళ్లు యాపిల్‌ల వింటరు. కాకపోతే యాపిల్‌ల కొత్త ఎపిసోడ్ కనబడనీకి ఒక రోజు దాక పట్టొచ్చు. ఎల్లుండి పొద్దున పోస్టు పెట్టాలంటే రేపు పొద్దున్నే ఎక్కించు. యూట్యూబ్‌ల అన్‌లిస్టెడ్ పెట్టుకుంటే లింకు ముందే దొరుకుతది, ఎల్లుండి పబ్లిక్ చెయ్యి, లింకు మారదు.

ఎడిటర్_అక్క
ఊరి గ్రూపులో స్పాటిఫై కూడా అక్కర్లేదంటా. ఒక్క లింకు చాలు.

జడ్చర్ల_జంక్షన్
అది ఒప్పుకోను అక్కా. పొలం కాడ ఫోన్ జేబుల పెట్టుకొని వినేటోళ్లు ఉన్నరు. యూట్యూబ్ స్క్రీన్ ఆపితే ఆగిపోతది, డబ్బు కడితెనే నడుస్తది. స్పాటిఫైల పాడ్‌కాస్ట్ ఉత్తగనే స్క్రీన్ ఆపినా నడుస్తది. "జేబుల పెట్టుకొని వినాలంటే" అని రాసి ఆ లింకు పెట్టు, అప్పుడు రెండు లింకులు ఎందుకున్నయో తెలుస్తది.

బత్తాయి_తోట
ఇది నాకు పనికొచ్చే మాట. మైకు గారూ, పోస్టు పెట్టినంక ఇక్కడ కూడా లింకు వెయ్యండి. రేపు సీసా పట్టుకుని ల్యాబుకు పోతున్నా, మంచినీళ్ల సీసాదే.

మునుగోడు_మైకు
వేస్త. "జేబుల పెట్టుకొని" అట్లనే రాస్తున్న, అక్క ఒప్పుకోకపోయినా.